పసిబిడ్డ మూలుగు వెనక ఒక పలుచని పొర కథ

నెలలు నిండకుండా, 31 వారాలకు పుట్టిన ఒక పాప మా నవజాత శిశు విభాగంలో ఉన్నప్పుడు ఆ పాప అమ్మమ్మగారు నన్ను అడిగారు. "సిస్టరమ్మా, పుట్టగానే పిల్ల గట్టిగానే ఏడ్చిందని చెప్పారు కదా. మరి గంట తిరగకుండానే ఈ మూలుగేమిటి? ఏడ్చిన పిల్లకి ఊపిరి అందకపోవడమేమిటి?"

అదే వారంలో నర్సింగ్ మొదటి సంవత్సరం అమ్మాయి ఒకరు పుస్తకం పట్టుకుని వచ్చారు. అందులో P = 2T/r అని ఒక సూత్రం ఉంది. "సిస్టర్, దీన్ని బట్టీ పట్టాను గానీ, చిన్న తిత్తిలో ఒత్తిడి ఎక్కువని ఎందుకంటారో నాకు అర్థం కాలేదు. చిన్నదైతే ఒత్తిడి తక్కువ ఉండాలి కదా?" అన్నది ఆమె సందేహం.

అమ్మమ్మగారి ప్రశ్నకూ, ఈ అమ్మాయి ప్రశ్నకూ జవాబు ఒక్కటే. అందుకే ఈ నెల ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. లెక్క వచ్చిన చోట భయపడకండి. కూడికలు, భాగహారాలు వచ్చినవారికి సరిపోతుంది.

ఊపిరితిత్తి లోపల తడి

ఊపిరితిత్తి అనగానే మనలో చాలామందికి రెండు బెలూన్లు గుర్తొస్తాయి. నిజానికి అది బెలూను కన్నా స్పాంజికి దగ్గరగా ఉంటుంది. గాలి గొట్టం చీలుతూ చీలుతూ పోయి, చివరకు అతి చిన్న గాలి తిత్తుల్లో ముగుస్తుంది. పాఠ్యపుస్తకాలు వీటిని వాయుగోణులు అంటాయి, డాక్టర్లు ఆల్వియోలై అంటారు. పెద్దవారిలో ఇవి 30 నుంచి 50 కోట్ల దాకా ఉంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో అయిదోవంతు వెడల్పు మాత్రమే. ఆక్సిజన్ రక్తంలోకి చేరేది ఈ తిత్తుల గోడల గుండానే.

ఈ గోడల లోపలి వైపు ఎప్పుడూ తడిగా ఉంటుంది. పలుచని నీటి పొర ఒకటి పూతలాగా అంటుకుని ఉంటుంది. తడి లేకపోతే సున్నితమైన ఆ కణాలు ఎండిపోతాయి. అయితే ఈ తడే పెద్ద ఇబ్బంది కూడా తెచ్చిపెడుతుంది. కొత్త పాలిథిన్ సంచి తెరవాలంటే వేలితో ఒకసారి రుద్దితే చాలు. అదే సంచి లోపల నీళ్లు పడి తడిసి ఉంటే దాని రెండు వైపులూ ఒకదానికొకటి అంటుకుపోయి ఎంతకీ ఊడిరావు. తలస్నానం చేశాక వెంట్రుకలు పాయలు పాయలుగా అతుక్కుపోవడమూ ఇదే. జిగురు ఏమీ లేదు. ఉన్నది నీరు మాత్రమే.

నీరు ఎందుకిలా చేస్తుంది? నీటి అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉంటాయి. గిన్నె మధ్యలో ఉన్న అణువును చుట్టూ ఉన్న అణువులు అన్ని వైపులా సమానంగా లాగుతాయి కనుక దానికేమీ తేడా తెలియదు. పైపొరలో ఉన్న అణువుకు మాత్రం పక్కన, కింద నీరు ఉంది, పైన గాలి ఉంది. పైనుంచి లాగేవారు లేరు. అందువల్ల పైపొర అంతా లోపలికి లాగబడుతూ, తన వైశాల్యాన్ని ఎంత తగ్గించుకోగలిగితే అంత తగ్గించుకోవాలని చూస్తుంది. తామరాకు మీద నీటిబొట్టు గుండ్రంగా ముత్యంలా నిలబడేది ఇందుకే. సాగదీసిన గుడ్డలాంటి ఈ బిగువునే తలతన్యత అంటారు. సూత్రంలోని T అదే.

ఇప్పుడు ఈ బిగువైన నీటి పొర గుండ్రని గాలి తిత్తికి లోపలి వైపున ఉందనుకోండి. అది కుంచించుకోవాలని చూస్తుంది. అంటే తిత్తి గోడలను అన్ని వైపులనుంచీ నడిమికి లాగుతుంది. తిత్తి తెరుచుకుని ఉండాలంటే లోపల ఉన్న గాలి అంతే బలంగా బయటికి నెట్టాలి. సూత్రంలోని P ఆ నెట్టే ఒత్తిడి. పొర లాగుడుకు ఎదురు నిలవడానికి లోపలి గాలికి కావలసిన ఒత్తిడి అన్నమాట. ఆ అమ్మాయి అనుకున్నట్టు తిత్తిలో ఎంత గాలి పడుతుంది అన్నది కాదు.

వేలికి చుట్టిన దారం

మరి చిన్న తిత్తికి ఎక్కువ ఒత్తిడి ఎందుకు కావాలి? పూలు కట్టే దారం ఒకటి తీసుకుని మీ చూపుడువేలికి ఒక చుట్టు చుట్టి రెండు కొసలూ లాగండి. దారం వేలిలోకి దిగి నొప్పి పుడుతుంది. అదే దారాన్ని వరండా స్తంభానికి చుట్టి, అంతే బలంతో లాగండి. స్తంభానికీ దారానికీ మధ్య మీ వేలు పెట్టి చూసినా పెద్దగా నొక్కినట్టు అనిపించదు. లాగిన బలం రెండు చోట్లా ఒక్కటే. వంపు ఎంత బిగుతుగా ఉంటే ఆ లాగుడులో అంత ఎక్కువ భాగం నడిమి వైపు తిరుగుతుంది. సూత్రంలో కింద r, అంటే వ్యాసార్ధం, ఉండడానికి కారణం ఇదే. వ్యాసార్ధం సగమైతే ఒత్తిడి రెట్టింపు అవుతుంది.

అంకెలు వేసి చూద్దాం. మన ఒంటి వేడి దగ్గర మామూలు నీటి తలతన్యత మీటరుకు సుమారు 70 మిల్లీన్యూటన్లు. ఒక గాలి తిత్తి వ్యాసార్ధం 0.1 మిల్లీమీటరు అనుకుందాం. లెక్క కడితే 1400 పాస్కల్‌లు వస్తుంది. ఆసుపత్రిలో మేము దీన్ని నీటి ఎత్తుతో కొలుస్తాము. 1 సెంటీమీటరు ఎత్తు నీరు అడుగున కలిగించే ఒత్తిడి 98 పాస్కల్‌లు కనుక, ఇది సుమారు 14 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి. దాని పక్కనే 0.05 మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న చిన్న తిత్తికి 28 సెంటీమీటర్లు కావాలి.

మామూలుగా కూర్చుని ఊపిరి పీల్చుకునేటప్పుడు మన ఛాతీ లోపలి ఒత్తిడిలో వచ్చే మార్పు 3 సెంటీమీటర్ల నీటి పాటిదే. తిత్తుల్లో ఉన్నది ఉత్త నీరే అయితే ప్రతి శ్వాసకూ ఎంత కష్టపడాలో ఊహించండి.

కష్టం ఒక్కటే కాదు. ఈ రెండు తిత్తులూ ఒకే గొట్టానికి కలిసి ఉన్నాయి. చిన్నదానిలో 28, పెద్దదానిలో 14. గాలి ఎప్పుడూ ఎక్కువ ఒత్తిడి ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి పోతుంది. కాబట్టి చిన్నదాని గాలి పెద్దదానిలోకి వెళ్లిపోతుంది. చిన్నది ఇంకా చిన్నదవుతుంది. చిన్నదయిన కొద్దీ దాని ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, గాలి ఇంకా వేగంగా పోతుంది. చివరికి అది ముడుచుకుని మూసుకుపోతుంది. ఇలాగే సాగితే ఊపిరితిత్తిలో కొన్ని తిత్తులు ఉబ్బిపోయి, మిగిలినవన్నీ మూసుకుపోవాలి. కానీ మనలో అలా జరగడం లేదు. కనుక ఆ నీటి పొర ఉత్త నీరు కాదన్నమాట.

నురుగు చెప్పిన సంగతి

ఈ సంగతి ఒక్కసారిగా తెలియలేదు. 1929లో స్విట్జర్లాండ్‌లో కుర్ట్ ఫాన్ నీర్‌గార్డ్ అనే వైద్యుడు ఊపిరితిత్తులను ముందు గాలితోనూ, తరువాత ద్రవంతోనూ నింపి చూశాడు. గాలితో నింపడానికి కావలసినదాని కన్నా ద్రవంతో నింపడానికి చాలా తక్కువ ఒత్తిడి సరిపోయింది. ద్రవం నింపితే లోపల గాలికీ నీటికీ మధ్య పైపొరే ఉండదు, కనుక తలతన్యత లాగుడు లేదు. ఊపిరితిత్తి ముడుచుకోవాలని చూసే బలంలో ఎక్కువ భాగం గోడల సాగుడు గుణం వల్ల కాదనీ, ఈ తడి పొర వల్లనేననీ ఆయన తేల్చాడు. ఆ రోజుల్లో దాన్ని పట్టించుకున్నవారు తక్కువ.

1955లో ఇంగ్లండ్‌లో రిచర్డ్ ప్యాటిల్ అనే శాస్త్రవేత్త ఊపిరితిత్తుల్లోంచి వచ్చే నురుగును పరిశీలించాడు. చిన్న బుడగలు త్వరగా పగిలిపోవాలి. ఇవి మాత్రం ఎంతసేపటికీ కుంచించుకోకుండా అలాగే ఉన్నాయి. బుడగ గోడలో తలతన్యత దాదాపు లేకుండా చేసే పదార్థం ఏదో ఉండాలని ఆయన అన్నాడు. 1957లో అమెరికాలో జాన్ క్లెమెంట్స్ ఒక చిన్న తొట్టి తయారు చేసి, ఊపిరితిత్తి నుంచి తీసిన ద్రవాన్ని అందులో పోసి, పైపొరను ఒక అడ్డుపట్టీతో నొక్కుతూ, మళ్లీ విడుస్తూ తలతన్యతను కొలిచాడు. పొరను నొక్కినప్పుడు తలతన్యత బాగా పడిపోయింది. విడిచినప్పుడు మళ్లీ పెరిగింది. ఆ పదార్థానికి స్థిరపడిన పేరు సర్ఫాక్టెంట్.

విద్యార్థినులు క్లెమెంట్స్ తొట్టిని బాగా గుర్తుపెట్టుకోవాలి. అసలు విషయమంతా అందులోనే ఉంది. ఎలాగో చెబుతాను.

సబ్బు ఎందుకు సరిపోదు

సర్ఫాక్టెంట్‌ను తయారు చేసేది గాలి తిత్తుల గోడల్లో అక్కడక్కడా ఉండే రెండో రకం కణాలు. దానిలో దాదాపు పదింట తొమ్మిది వంతులు కొవ్వు పదార్థాలే, మిగిలింది ప్రోటీన్లు. ఆ కొవ్వు అణువుకు ఒక తల, రెండు తోకలు ఉంటాయి. తలకు నీరంటే ఇష్టం, తోకలకు నీరు గిట్టదు. అందుకని ఈ అణువులు నీటి పైపొరలోకి చేరి, తలలు నీటిలో ముంచి, తోకలు గాలిలోకి చాచి వరుసగా నిలబడతాయి. నాటు వేసిన వరిమడి గుర్తుకు తెచ్చుకోండి. వేళ్లు నీటిలో, ఆకులు పైన. నీటి అణువుల మధ్య ఇవి వచ్చి నిలబడినందువల్ల పైపొరలో ఒకదాన్నొకటి లాక్కునే నీటి అణువులు తగ్గిపోతాయి. తలతన్యత పడిపోతుంది.

ఇంతవరకు సబ్బూ అదే పని చేస్తుంది. గిన్నెలో నీళ్లు పోసి మిరియాల పొడి చల్లి, మధ్యలో సబ్బు అంటిన వేలు పెడితే పొడి ఒక్కసారిగా అంచులకు పారిపోతుంది. వేలు పెట్టిన చోట బిగువు సడలిపోయి, చుట్టూ ఉన్న నీరు పొడిని తన వైపు లాక్కుంటుంది. మరి ఊపిరితిత్తిలో సబ్బులాంటిది ఉంటే సరిపోతుందా?

సరిపోదు. మళ్లీ మన రెండు తిత్తుల దగ్గరికి వెళ్దాం. తలతన్యత 70 నుంచి 25కు తగ్గి, రెండింటిలోనూ అలాగే 25 దగ్గర నిలిచిపోయిందనుకోండి. పెద్దదానికి 5 సెంటీమీటర్లు, చిన్నదానికి 10 సెంటీమీటర్లు కావాలి. ఊపిరి పీల్చడం తేలికైంది, నిజమే. కానీ చిన్నదాని ఒత్తిడి ఇప్పటికీ పెద్దదానికి రెట్టింపే. చిన్నది పెద్దదానిలోకి ఖాళీ అయిపోవడం ఆగదు. పరీక్షలో "సర్ఫాక్టెంట్ తలతన్యతను తగ్గిస్తుంది, అందువల్ల చిన్న తిత్తులు ముడుచుకోవు" అని మాత్రమే రాసేవారు ఈ మెట్టు దాటవేస్తున్నారు. నేనూ చదువుకునే రోజుల్లో అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాను, అర్థమైంది మాత్రం చాలా ఏళ్లకు.

సర్ఫాక్టెంట్ గొప్పతనం అది ఒకే చోట ఆగకపోవడంలో ఉంది. మనం ఊపిరి వదిలినప్పుడు తిత్తి చిన్నదవుతుంది, దాని లోపలి వైశాల్యం తగ్గుతుంది. పొరలో ఉన్న అణువులు మాత్రం అన్నే ఉంటాయి. పండగ రోజున బస్సులో జనంలాగా ఒకదానికొకటి ఒత్తుకుని నిలబడతాయి. మధ్యలో నీటికి చోటే ఉండదు. అప్పుడు తలతన్యత ఇంకా, ఇంకా పడిపోతుంది. బాగా నొక్కినప్పుడు 5 కన్నా కిందికి కూడా పోతుంది. సబ్బు అణువులైతే ఇంత ఒత్తిడికి తట్టుకోక పొరలోంచి జారి నీటిలో కలిసిపోతాయి. సర్ఫాక్టెంట్‌లోని ముఖ్యమైన కొవ్వు అణువుల తోకలు తిన్నగా ఉంటాయి. అందుకని అవి కట్టెలమోపులా దగ్గరగా సర్దుకుని, జారిపోకుండా గట్టి పొరగా నిలుస్తాయి. ఊపిరి పీల్చినప్పుడు తిత్తి పెద్దదై, అణువులు పలచబడి, తలతన్యత మళ్లీ పెరుగుతుంది.

ఇప్పుడు లెక్క మళ్లీ వేయండి. పెద్ద తిత్తిలో అణువులు పలుచగా ఉండి తలతన్యత 25 ఉందనుకుందాం. 5 సెంటీమీటర్లు. చిన్న తిత్తిలో అవి కిక్కిరిసి తలతన్యత 10కి పడిపోయింది. 4 సెంటీమీటర్లు. చిన్నదాని ఒత్తిడి ఇప్పుడు పెద్దదాని కన్నా తక్కువ. గాలి చిన్నదానిలోంచి పారిపోదు సరికదా, కొంచెం దానిలోకే వస్తుంది. చిన్నది కాస్త పెద్దదవగానే దాని తలతన్యతా కాస్త పెరుగుతుంది, సమానం దగ్గర ఆగుతుంది. r తగ్గినప్పుడు T కూడా తగ్గాలి, అదీ r కన్నా ఎక్కువ వేగంగా. ఊపిరి వదిలిన చివర్లో చిన్న తిత్తులు తెరుచుకుని ఉండడం వెనక ఉన్న లెక్క ఇది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. గాలి తిత్తులు విడివిడి బుడగలు కావు. తేనెపట్టు గదుల్లాగా పక్కపక్కనే ఉండి ఒకదాని గోడ ఇంకొకదానికీ గోడే. ఒకటి ముడుచుకోబోతే చుట్టూ ఉన్నవి దాన్ని బయటికి లాగి పట్టుకుంటాయి. గుండ్రంగానూ ఉండవు, గోడలు బల్లపరుపుగా ఉంటాయి. కాబట్టి పుస్తకంలోని రెండు బుడగల బొమ్మ సంగతిని అర్థం చేసుకోవడానికి గీసినదే తప్ప ఊపిరితిత్తి ఫోటో కాదు. సర్ఫాక్టెంట్‌కు ఈ గోడల ఆసరా తోడుంది. అయితే సర్ఫాక్టెంట్ పూర్తిగా లేనప్పుడు ఆసరా ఒక్కటీ చాలదు. దానికి రుజువు నెలలు నిండని బిడ్డలే.

ఎనిమిదో నెల మాట

"ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదు" అని మన పెద్దవాళ్లు అనడం మీరూ వినే ఉంటారు. ఇది నిజం కాదు. కడుపులో బిడ్డ ఊపిరితిత్తులు సుమారు 24 వారాల నుంచి సర్ఫాక్టెంట్ తయారు చేయడం మొదలుపెడతాయి. చాలినంత చేరేది సుమారు 34, 35 వారాలకు. ప్రతి వారం గడిచిన కొద్దీ నిల్వ పెరుగుతుందే తప్ప ఎనిమిదో నెలలో తగ్గదు. నెలలు నిండిన బిడ్డ ఊపిరితిత్తుల్లో కిలో బరువుకు సుమారు 100 మిల్లీగ్రాముల సర్ఫాక్టెంట్ ఉంటే, ఈ జబ్బు వచ్చిన బిడ్డలో 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు.

ఇక అమ్మమ్మగారి ప్రశ్న. ఏడ్చిన పిల్ల ఎందుకు మూలిగింది?

మొదటి శ్వాస ఏ బిడ్డకైనా కష్టమే. ద్రవంతో నిండి, మూసుకుని ఉన్న తిత్తులను మొదటిసారి తెరవాలి. పాప ఆ బలం కూడగట్టుకుంది, ఏడ్చింది. సర్ఫాక్టెంట్ ఉన్న బిడ్డలో ఆ మొదటి శ్వాస వదిలాక కూడా తిత్తుల్లో కొంత గాలి మిగిలిపోతుంది. కనుక రెండో శ్వాస తేలిక. మూడోది ఇంకా తేలిక. సర్ఫాక్టెంట్ లేని బిడ్డలో ఊపిరి వదలగానే తిత్తులు మళ్లీ మూసుకుపోతాయి. ప్రతి శ్వాసా మొదటి శ్వాసే అవుతుంది. నిమిషానికి 60 కన్నా ఎక్కువసార్లు మొదటి శ్వాస తీసుకోవలసి వస్తే 1400 గ్రాముల బిడ్డ ఎంతసేపు తీసుకోగలదు? అందుకే మొదట బాగానే ఉన్నట్టు కనిపించి, నిమిషాలు, గంటలు గడిచేకొద్దీ అలసిపోతుంది. పక్కటెముకల మధ్య, రొమ్ము ఎముక కింద చర్మం లోపలికి గుంజుకుపోతుంది. ముక్కుపుటాలు ఎగురుతాయి. దానికి తోడు, బలంగా లాగిన కొద్దీ రక్తనాళాల్లోంచి ప్రోటీన్లతో కూడిన ద్రవం తిత్తుల్లోకి ఊరుతుంది. ఆ ప్రోటీన్లు ఉన్న కాస్త సర్ఫాక్టెంట్‌నూ పనిచేయనివ్వవు.

ఆ మూలుగు మాత్రం ఏడుపు కాదు, నొప్పి వల్ల కూడా కాదు. ఊపిరి వదిలేటప్పుడు బిడ్డ గొంతును సగం మూసి గాలిని ఆపుతుంది. ఆగిన గాలి తిత్తుల్లో ఒత్తిడి నిలిపి వాటిని మూసుకోకుండా చూస్తుంది. ఆ సన్నని సందులోంచి గాలి దూరేటప్పుడు వచ్చే చప్పుడే మూలుగు. తనకు లేని సర్ఫాక్టెంట్ చేయవలసిన పనిని పాప తన గొంతుతో చేసుకుంటోందన్నమాట. మూలుగు ఆగిపోయిందని ఇంట్లోవాళ్లు ఊరట పడకూడదు. చికిత్స వల్ల ఆగితే మంచిదే. చికిత్స లేకుండా ఆగి, బిడ్డ మెత్తబడితే అలసిపోయిందని అర్థం.

1959కి ముందు ఈ జబ్బుకు కారణం తెలియదు. చనిపోయిన బిడ్డల తిత్తుల్లో గాజులాంటి పొరలు కనబడేవి, వాటినే కారణం అనుకునేవారు. ఆ ఏడాది అమెరికాలో మేరీ ఎలెన్ ఏవరీ అనే వైద్యురాలు, జెరె మీడ్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఆ బిడ్డల ఊపిరితిత్తుల ద్రవాన్ని క్లెమెంట్స్ పద్ధతిలో కొలిచారు. ఇతర బిడ్డల ద్రవం నొక్కినప్పుడు తలతన్యత బాగా పడిపోయింది. ఈ బిడ్డలది పడలేదు. ఆ పొరలు జబ్బుకు ఫలితమే, కారణం సర్ఫాక్టెంట్ లేకపోవడం.

కారణం తెలిసినంత మాత్రాన మందు రాలేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీకి ప్యాట్రిక్ అనే కొడుకు అయిదున్నర వారాల ముందు పుట్టాడు. బరువు సుమారు 2100 గ్రాములు. ఆ దేశంలో ఉన్న అన్ని సౌకర్యాలూ అందుబాటులో ఉన్నాయి. ఎక్కువ ఒత్తిడితో ఆక్సిజన్ నింపిన గదిలో కూడా ఉంచారు. 39 గంటలకు ఆ బిడ్డ ఇదే జబ్బుతో చనిపోయాడు. మూసుకుపోయిన తిత్తిలోకి ఎంత ఆక్సిజన్ ఇచ్చినా వెళ్లడానికి దారి లేదు.

సీసాలో బుడగలు

మా విభాగంలోకి వచ్చినవారు ఒక సీసాలో నీరు బుడబుడమంటూ ఉండడం చూసి, ఆక్సిజన్ తడిపే సీసా అనుకుంటారు. దాన్ని బబుల్ సీపాప్ అంటాము. బిడ్డ ముక్కులోంచి వచ్చే గొట్టం ఇంకో కొసను ఆ నీటిలో 5 సెంటీమీటర్ల లోతుకు ముంచుతాము. బిడ్డ ఊపిరి వదిలినప్పుడు గాలి ఆ 5 సెంటీమీటర్ల నీటిని నెట్టుకుని బయటికి రావాలి. కనుక తిత్తుల్లో ఒత్తిడి ఎప్పుడూ సుమారు 5 సెంటీమీటర్లకు తగ్గదు. బిడ్డ గొంతు చేసే పనిని ఇప్పుడు సీసా చేస్తోంది. పాపను దానిమీద పెట్టిన కాసేపటికి మూలుగు తగ్గింది. ఇలా ఒత్తిడి నిలిపి ఈ బిడ్డలను కాపాడవచ్చునని 1971లో జార్జ్ గ్రెగరీ అనే వైద్యుడు, ఆయన సహచరులు చూపించారు. బుడగలు ఆగిపోతే గాలి ఎక్కడో కారుతోందని అర్థం. ముక్కు దగ్గర గొట్టం జారిందేమో, బిడ్డ నోరు తెరిచిందేమో ముందు చూడాలి.

సీపాప్ తిత్తులను తెరిచి పట్టుకుంటుంది గానీ తలతన్యతను తగ్గించదు. ఆక్సిజన్ అవసరం పెరుగుతూ పోతే సర్ఫాక్టెంట్‌నే ఇవ్వాలి. జపాన్‌లో ఫుజివారా అనే వైద్యుడి బృందం 1980లో పశువుల ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌ను 10 మంది బిడ్డలకు ఇచ్చి మంచి ఫలితం చూసింది. ఇప్పుడు పందుల, ఆవుల ఊపిరితిత్తుల నుంచి శుద్ధి చేసినవి దొరుకుతున్నాయి. తెల్లగా పాలలా ఉండే ఈ మందు సూదితో కండకు వేసేది కాదు. సన్నని గొట్టంతో గాలి గొట్టంలోకే పోస్తారు. పంది నుంచి తీసిన రకం మోతాదు కిలోకు 200 మిల్లీగ్రాములు. 1400 గ్రాముల పాపకు 280 మిల్లీగ్రాములు, అంటే 3.5 మిల్లీలీటర్లు. ఒక చిన్న చెంచా నిండదు. అది నీటి పొర మీద పరుచుకోగానే నిమిషాల్లో ఆక్సిజన్ అవసరం తగ్గడం మొదలవుతుంది.

సరిగ్గా ఆ నిమిషాల్లోనే నర్సు కళ్లు తిప్పకూడదు. అప్పటిదాకా మొండికేసిన ఊపిరితిత్తి ఒక్కసారిగా మెత్తబడి తేలికగా ఉబ్బుతుంది. బిడ్డ యంత్రం మీద ఉంటే పాత ఒత్తిడినే కొనసాగించకూడదు. కొనసాగిస్తే తిత్తి పగిలి గాలి ఛాతీలోకి కారవచ్చు. ఆక్సిజన్‌నూ వెంటనే తగ్గించుకుంటూ రావాలి. ఎక్కువైతే ఆ వయసు బిడ్డ కళ్లకు హాని.

ఊపిరి అందని ప్రతి రోగికీ ఈ మందు పనికిరాదు. పెద్దవారికి న్యుమోనియా వంటి జబ్బుల్లో ఊపిరితిత్తులు దెబ్బతిన్నప్పుడు సర్ఫాక్టెంట్ ఇచ్చి చూశారు. మరణాలు తగ్గలేదు. వారిలో సర్ఫాక్టెంట్ కొరత అసలు జబ్బు కాదు, దెబ్బతిన్న గోడల వల్ల వచ్చిన ఒక ఫలితం మాత్రమే. పోసినదాన్ని కూడా కారుతున్న ప్రోటీన్లు పాడుచేస్తాయి.

పుట్టాక పోయడం కన్నా పుట్టకముందే బిడ్డ సొంతంగా తయారు చేసుకునేలా చేయడం తేలిక. న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ అనే వైద్యులు 1972లో ప్రచురించిన పరిశోధనలో, నెలలు నిండకుండా కాన్పు అవబోతున్న తల్లులకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డల్లో ఈ జబ్బు తగ్గిందని చూపారు. మన దేశంలో సాధారణంగా డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకు ఒకసారి 4 సార్లు ఇస్తారు. అంటే మొదటి సూది నుంచి చివరి సూదికి 36 గంటలు. బాగా పనిచేయడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. కనుక 34 వారాలు నిండని గర్భిణికి నొప్పులు వచ్చినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా "తెల్లారాక చూద్దాం" అనుకుంటే పోయేది ఆ గంటలే. కాన్పు వెంటనే అయ్యేలా ఉన్నా మొదటి సూది వేయిస్తారు. "కడుపుతో ఉన్నప్పుడు స్టెరాయిడ్లా?" అని కొందరు వద్దంటున్నారు. ఇది నెలల తరబడి వాడే మందు కాదు, నాలుగు సూదులు. షుగరు ఉన్న తల్లికి మాత్రం ఆ రోజుల్లో షుగరు పెరుగుతుంది, జాగ్రత్తగా చూస్తారు.

పాప విషయం చెప్పలేదు కదూ. తల్లికి సూదులు పడకముందే కాన్పు అయిపోయింది. రెండు రోజులు సీపాప్ మీద ఉంది, మొదటి రోజున ఒకసారి సర్ఫాక్టెంట్ పోశారు. మూడో రోజుకు పాప సొంత కణాలు పని అందుకున్నాయి. మాకు ముందుగా తెలిసింది డైపరు బరువు వల్ల. ఊపిరితిత్తులు తెరుచుకునే వేళకు ఈ బిడ్డలకు మూత్రం బాగా రావడం మొదలవుతుంది. ఆ సాయంత్రం సీసాలోంచి గొట్టం తీసేశాము. అమ్మమ్మగారు అద్దం అవతల నుంచి చాలాసేపు చూసి, "ఇప్పుడు చప్పుడు లేదు సిస్టరమ్మా, పరవాలేదా?" అని అడిగారు. నిమిషానికి 48 శ్వాసలు, ఛాతీ గుంజుకోవడం లేదు. పరవాలేదన్నాను.